నులిపురుగుల మాత్ర వేసినా విరేచనాలు ఆగలేదా? మల పరీక్షకు నమూనా ఇలా ఇవ్వండి

రేపల్లె దగ్గరి ఊళ్లో నాలుగేళ్ల పాప అనుకుందాం. ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం నాడు అంగన్‌వాడీలో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర నమిలింది. రెండు వారాలైనా జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలు అవుతూనే ఉన్నాయి, కడుపు ఉబ్బరంగా ఉంది. ఇంట్లో వాళ్లు ఇంకో మాత్ర వేద్దామనుకుంటారు. వేయకండి, ముందు పరీక్ష చేయించండి.

ఆ ఒక్క మాత్ర ఏలికపాముల మీద బాగా పనిచేస్తుంది. ఏలికపాము గుడ్లు మలంతో మట్టిలో పడి, రెండు మూడు వారాలు అక్కడే పక్వమై, మట్టి చేతులతోనో కడగని కూరగాయలతోనో నోట్లోకి పోతాయి. పిల్ల పురుగులు పేగు నుంచి ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి వచ్చి, మింగుడుపడి మళ్లీ పేగుకే వస్తాయి. అక్కడ పెద్దవై గుడ్లు పెట్టడానికి మొత్తం రెండు మూడు నెలలు పడుతుంది. మట్టిలోని గుడ్లను మాత్ర ఏమీ చేయలేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు వేస్తారు.

మాత్ర వేసినా పాపకు ఇలాంటి విరేచనాలు ఆగకపోతే కారణం జియార్డియా కావచ్చు. అది అసలు పురుగు కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. దాని సిస్టులకు మట్టిలో పక్వమయ్యే పని లేదు. మలంతో బయటపడ్డ వెంటనే నీళ్లలో కలిసి మరొకరికి అంటుకుంటాయి. కాలువ నీళ్లతో చెరువులు నింపుకుని తాగే మన డెల్టాలో ఇది గుర్తుంచుకోవాలి. ఒక్క ఆల్బెండజోల్ మాత్ర దీనికి చాలదు.

ఇక నమూనా సంగతి. మూత బిగుతుగా ఉండే శుభ్రమైన పొడి డబ్బా తీసుకోండి. పాపను ముందు మూత్రానికి పంపి, తర్వాత పొడి పాత్రలో మలవిసర్జన చేయించండి. మూత్రం, నీళ్లు, ఫినాయిల్ కలిస్తే ఆ నమూనా పనికిరాదు. పుల్లతో ఉసిరికాయంత తీసి, జిగురు ఉంటే అదీ చేర్చి, పేరు, తేదీ, సమయం రాయండి.

ఎక్కువగా పొరపాటు జరిగేది సమయం దగ్గరే. నీళ్ల విరేచనమైతే అరగంటలో ల్యాబ్‌లో ఇవ్వాలి. అందులో కదిలే జియార్డియా బయట ఎక్కువసేపు బతకదు. రేపల్లెలో పట్టి తెనాలికో బాపట్లకో తీసుకెళ్లేసరికి ఆ సమయం దాటిపోతుంది. దగ్గరి ల్యాబ్‌లోనే ఇవ్వండి, లేదా ఆసుపత్రికి వెళ్లాకే పట్టండి. గట్టి మలంలోని సిస్టులు మాత్రం కొన్ని గంటలు ఆగగలవు.

జియార్డియా రోజూ మలంలో కనిపించదు. అందుకే ఒకసారి ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తే నమ్మి ఊరుకోకండి. రోజు విడిచి రోజు మూడు నమూనాలు ఇవ్వండి. చీటీలో ‘ఓవా, సిస్ట్’ పరీక్ష అని ఉందో లేదో చూసుకోండి. నమూనా ఇవ్వకముందే మందులు మొదలుపెడితే ఫలితం తప్పుతుంది.

జియార్డియా అని తేలితే మెట్రోనిడజోలో టినిడజోలో డాక్టర్ పాప బరువును బట్టి రాస్తారు. మలంలో రక్తం, జ్వరం, కళ్లు లోతుకుపోవడం, మూత్రం తగ్గడం కనిపిస్తే మూడు రిపోర్టుల కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో తాగే నీళ్లు మాత్రం తెర్లేదాకా కాచండి. మామూలుగా కలిపే క్లోరిన్‌కు జియార్డియా సిస్టులు సులువుగా చావవు.