పన్నెండు లక్షలంటే నెలకు లక్ష కాదు

హైదరాబాద్,
22 జూన్ 2025

చిట్టితల్లికి,

నువ్వు పంపిన ఆఫర్ లెటర్ రెండుసార్లు చదివాను. పన్నెండు లక్షలు కాబట్టి నెలకు లక్ష వస్తుందని మీ అమ్మ ఫోన్లో సంబరపడింది. ఇరవై ఏళ్లు జీతాల లెక్కలు కట్టినవాణ్ని కదా, ఆ మాట విని ఊరుకోలేకపోయాను. నెలకు ముప్ఫై ఐదు వేల అద్దెతో ఫ్లాటుకు మాట ఇచ్చేముందు ఇది చదువు.

ఆ పన్నెండు లక్షలు నీ జీతం కాదు, సీటీసీ. అంటే నిన్ను పనిలో పెట్టుకున్నందుకు కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు. లెటర్ చివరి పేజీలోని పట్టిక చూడు. బేసిక్ ఏడాదికి 6,00,000, అంటే నెలకు 50,000. ఆ కింద యజమాని పీఎఫ్ వాటా 72,000, గ్రాట్యుటీ 28,860, వేరియబుల్ పే 1,00,000 అని ఉన్నాయి. ఈ మూడూ నెలనెలా నీ ఖాతాలోకి రావు. పీఎఫ్ నీ పేరునే జమ అవుతుంది కానీ చేతికందదు. గ్రాట్యుటీ అయిదేళ్లు అక్కడే పనిచేస్తేనే. వేరియబుల్ కంపెనీ ఎప్పుడు ఇస్తే అప్పుడే, ఎంత ఇస్తే అంతే. దాన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకున్నవాళ్ల మొహాలు నేను చాలా చూశాను.

ఆ మూడూ తీసేస్తే ఏడాదికి 9,99,140. పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు 83,262. పే స్లిప్పులో గ్రాస్ అని కనపడేది ఇదే. ఇందులోంచి నీ వాటా పీఎఫ్ పోతుంది, బేసిక్‌లో 12 శాతం, అంటే 6,000. తెలంగాణలో వృత్తి పన్ను నెలకు 200. చేతికొచ్చేది 77,062. అదీ నీ లక్ష!

ఆదాయపు పన్ను ఏదని అడుగుతావు. ఈ 2025-26లో కొత్త విధానం ప్రకారం జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోయాక పన్ను లెక్కకొచ్చే ఆదాయం పన్నెండు లక్షల లోపుంటే రిబేటు వచ్చి పన్ను సున్నా అవుతుంది. అంటే 12,75,000 గ్రాస్ దాకా భయం లేదు. వేరియబుల్ మొత్తం వచ్చినా నువ్వు ఆ గీత దాటవు. దాటిన ఏడాది లెక్క మారుతుంది. 14 లక్షల గ్రాస్ అనుకో, పన్ను వేసేది 13,25,000 మీద. మొదటి నాలుగు లక్షలకు ఏమీ లేదు, తర్వాతి నాలుగుకు 5 శాతం, ఆపై నాలుగుకు 10 శాతం, మిగిలిన 1,25,000కు 15 శాతం. మొత్తం 78,750, దానిపై 4 శాతం సెస్సు కలిపి 81,900. నెలకు 6,825 టీడీఎస్ కింద పోతుంది.

ఇక్కడ ఒక మాట హెచ్‌ఆర్‌ను అడుగు. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కడతారా, చట్టం చెప్పిన 15,000 పరిమితి మీదా? పరిమితి మీదైతే ఇరువైపులా నెలకు 1,800 చొప్పునే. అప్పుడు అదే పన్నెండు లక్షలకు నీ చేతికి 85,462 వస్తుంది, 8,400 ఎక్కువ. అందుకే ఇద్దరి సీటీసీ ఒకటే అయినా చేతికొచ్చేది ఒకటి కాదు. నన్నడిగితే పూర్తి పీఎఫే ఉంచుకో. చేతికొచ్చిన ఎనిమిది వేలు నీ దగ్గర నిలుస్తాయన్న నమ్మకం నాకు లేదు, కోప్పడకు.

ఇంకొకటి. ఏప్రిల్ నుంచి పాత కంపెనీలో తీసుకున్న జీతం వివరాలు ఫారం 12బిలో కొత్తవాళ్లకు ఇవ్వు. ఈ ఏడాది రెండూ కలిపినా తొమ్మిది లక్షలు దాటవు కాబట్టి నీకు నష్టం లేదు, కానీ ముందుముందు ఉంటుంది. ఏడాదికి 16 లక్షల జీతగాడు అక్టోబరులో అదే జీతానికి కంపెనీ మారాడనుకో. పాతవాళ్లు ఏడాది పన్ను 1,13,100గా అంచనా వేసి సగం కోసి ఉంటారు. ఫారం ఇవ్వకపోతే కొత్తవాళ్లకు కనపడేది ఎనిమిది లక్షలే, కాబట్టి ఏమీ కోయరు. రిటర్ను వేసేనాటికి 56,550, పైన వడ్డీ, ఒక్కసారిగా మీద పడతాయి.

నువ్వు చేరేది జులై 14న కదా. మొదటి నెల 18 రోజుల జీతమే వస్తుంది. గ్రాస్ 48,346, అందులో పీఎఫ్ 3,484, వృత్తి పన్ను మాత్రం పూర్తిగా 200. చేతికి 44,662. అడ్వాన్సు ఎంతడిగాడో ఇంటాయన్ని కనుక్కుని, ఆ మొదటి నెలకు ఎంత తక్కువ పడుతుందో నాకు చెప్పు, సర్దుతాను.

మీ మావయ్య