మూకుడు చూసి రాసే మ్యాచ్ ఆఫర్

2025 మార్చి 30 ఆదివారం, ఉగాది. మధ్యాహ్నం మూడున్నరకు విశాఖపట్నంలో ఢిల్లీ క్యాపిటల్స్, సన్‌రైజర్స్ హైదరాబాద్ మ్యాచ్. అంతకు ముందు రోజే కొత్త అమావాస్య. అనకాపల్లి గవరపాలెంలో నూకాంబిక అమ్మవారి జాతర మొదలయ్యే రోజు అది. పండగ భోజనం చేసి టీవీ ముందు కూర్చున్న ఇళ్లు ఒకవైపు, అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో నిండిన వీధులు మరోవైపు. ఇలాంటి రోజున రింగ్ రోడ్డు పక్కన పునుగులు, బజ్జీలు వేసే చిన్న దుకాణం తన డెలివరీ కస్టమర్లకు ఏ మెసేజ్ పంపాలి? ఏ వేళకు పంపాలి?

ఈ ప్రశ్నకు సరైన జవాబు రాయడం ఇప్పుడు ఒక ఉపాధి. కాపీరైటర్, సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్, సీఆర్ఎం ఎగ్జిక్యూటివ్ అని కంపెనీలు రకరకాల పేర్లు పెట్టినా, పనిలో పెద్ద భాగం ఒకటే: కస్టమర్ ఫోన్లో రెండు మూడు వాక్యాలు కనిపించాలి, అవి చదివి ఆర్డర్ పెట్టాలి. ఫుడ్ డెలివరీ యాప్‌లు ఐపీఎల్ నెలల్లో మ్యాచ్‌కు ముడిపెట్టిన ఆఫర్లు వరసగా పంపుతాయి. వాటిని చూసి ఈ రంగంలోకి రావాలనుకునే డిగ్రీ విద్యార్థికి అన్నిటికన్నా దగ్గరి బడి తన వీధి చివర దుకాణమే.

కొత్తగా రాసేవాళ్లు తరచూ ఒకే చోట తప్పటడుగు వేస్తారు. యాప్‌ల ఆఫర్లు చూసి, ‘సిక్స్ కొడితే ఇరవై శాతం తగ్గింపు’, ‘మనోళ్లు గెలిస్తే ప్లేటు ఫ్రీ’ అని రాసేస్తారు. చదవడానికి హుషారుగానే ఉంటుంది. కానీ యాప్ వెనక వేల వంటగదులు ఉంటాయి, దుకాణంలో ఉండేది ఒక్క మూకుడు. కాబట్టి రాసేవాళ్లు మాటల గురించి ఆలోచించే ముందు పొయ్యి దగ్గర ఒక సాయంత్రం నిలబడి లెక్క చూసుకోవాలి.

ఆ లెక్క ఇలా ఉందనుకుందాం. ఒక వాయి పునుగులు వేగి దిగడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది, వాయికి నాలుగు ప్లేట్లు వస్తాయి. అంటే గంటకు ముప్పై ఆరు ప్లేట్ల దాకా. ఇన్నింగ్స్ మధ్య విరామం సుమారు ఇరవై నిమిషాలు, ఆ వ్యవధిలో మూడు వాయిలే, పన్నెండు ప్లేట్లే. విరామంలో నలభై ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడితే చివరి మనిషికి ప్యాకెట్ కట్టేసరికి గంట దాటుతుంది. దారిలో డెలివరీ కుర్రాడు ఇంకో పావుగంట తీసుకుంటాడు. మూత బిగించిన డబ్బాలో ఆవిరి పట్టి పునుగులు మెత్తబడతాయి. మంచి ఆఫర్ రాసిన పుణ్యానికి దుకాణం చెడ్డ పేరు మూటగట్టుకుంటుంది.

అందువల్ల మ్యాచ్ రోజు కాపీ చేయాల్సిన అసలు పని ఆర్డర్లను పెంచడం కన్నా, వాటిని ముందుకు జరపడం. విరామంలో వచ్చే నలభైలో పాతిక ఆర్డర్లు గంట ముందే చేతిలో ఉంటే, ఏ వాయి ఎప్పుడు వేయాలో, ఏ వీధికి ముందు వెళ్లాలో దుకాణదారుకు తెలుస్తుంది. ఆఫర్‌కు పెట్టే ఖర్చు ఆ ముందు మాట కోసమే.

ఉగాది నాటి మ్యాచ్‌నే తీసుకుని చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. మూడున్నరకు ఎవరికీ ఆకలి ఉండదు, బొబ్బట్లు పులిహోర తిన్న కడుపులవి. చిరుతిండి మీదికి మనసు పోయేది ఐదు దాటాకే, దాదాపు విరామం వేళకే. పండగ రోజు మాంసాహారం ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి గనుక చికెన్ పకోడీని మొదటి వాక్యంలో పెట్టకూడదు. గవరపాలెం వైపు జాతర రద్దీ ఉంటుంది, అటు వెళ్లే ఆర్డర్లకు పది నిమిషాలు ఎక్కువ చెప్పుకోవాలి. ఇవన్నీ కలిపితే మధ్యాహ్నం మూడింటికి వెళ్లే మెసేజ్ ఈ తీరున ఉండవచ్చు:

‘విరామానికి వేడి పునుగులు కావాలా? 4:15లోపు చెప్పండి, 5 నుంచి 5:30 మధ్య మీ గుమ్మంలో ఉంటాయి. ముందు చెప్పిన మొదటి 24 ఆర్డర్లకు 4 పునుగులు అదనం. పునుగులు, మసాలా వడ కాంబో రూ. 80, అల్లం పచ్చడితో. మూడు కిలోమీటర్ల వరకే, డెలివరీ చార్జి వేరు. గవరపాలెం వారికి 5:40 కావచ్చు.’

ఇందులో చమత్కారం లేదు. ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది. మొదటి వాక్యం చిన్నది, ఎందుకంటే ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో కనిపించేది అదొక్కటే. 24 అనే అంకె ఆరు వాయిల లెక్క, నాలుగున్నరకు మొదలుపెడితే ఐదుంపావుకల్లా దిగిపోతాయి. ఆలస్యమయ్యే వీధిని ముందే పేరు పెట్టి చెప్పడం వల్ల ఫోన్లో గొడవ తగ్గుతుంది.

అన్నిటికన్నా గమనించాల్సింది, మెసేజ్‌లో గడియారం ఉంది తప్ప ఓవర్లు లేవు. ఆ రోజు హైదరాబాద్ 18.4 ఓవర్లలో 163 పరుగులకు ఆలౌటైంది, మిచెల్ స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు. ఢిల్లీ 16 ఓవర్లకే ఆట ముగించి ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. ‘రెండో ఇన్నింగ్స్ చివరి నాలుగు ఓవర్లలో ప్రత్యేక ఆఫర్’ అని ఎవరైనా రాసి ఉంటే ఆ నాలుగు ఓవర్లు రానే రాలేదు. అదే మైదానంలో ఆరు రోజుల ముందు, మార్చి 24న, 65 పరుగులకే ఐదు వికెట్లు పోయిన ఢిల్లీ 210 లక్ష్యాన్ని ఆఖరి ఓవర్లో ఒక్క వికెట్ తేడాతో అందుకుంది. ఆటను ఎవరూ అదుపు చేయలేరు, దాని మీద ఆఫర్ కడితే పిండి ఎంత కలపాలో కూడా తెలియదు. హైదరాబాద్ ఓడిపోయిన సాయంత్రం ‘మనోళ్లు గెలిస్తే’ అన్న మాటకు విలువ ఉండదు కూడా.

ఇక డబ్బు సంగతి. 80 రూపాయల కాంబోకు పిండి, నూనె, గ్యాస్, ప్యాకింగ్ కలిపి 38 అవుతుందని, డెలివరీ యాప్ కమీషన్ పాతిక శాతమని అనుకుందాం. కమీషన్ 20 పోగా దుకాణానికి మిగిలేది 22. దాని మీద దుకాణమే ఇరవై శాతం తగ్గింపు ఇస్తే ధర 64, కమీషన్ 16, చివరకు మిగిలేది 10. అదే డబ్బు రావాలంటే రెండింతలకు పైగా ఆర్డర్లు రావాలి, ఆ మూకుడు అన్ని వేయలేదు. తగ్గింపు బదులు నాలుగు పునుగులు అదనంగా ఇస్తే ఖర్చు ఆరు రూపాయలు, మిగిలేది 16. అదే ఆర్డర్ వాట్సాప్‌లో నేరుగా వస్తే, డెలివరీ చార్జి కస్టమరే ఇస్తే, 36 మిగులుతుంది. దుకాణదారు దగ్గరికి ఈ లెక్క కాగితంతో వెళ్లే విద్యార్థి మాటను ఆయన కూర్చుని వింటాడు.

వాట్సాప్‌లో ఒక మెలిక ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పెట్టినంత మాత్రాన మెసేజ్ అందరికీ చేరదు. దుకాణం నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు. కాబట్టి సీజన్‌లో రాయాల్సిన మొట్టమొదటి కాపీ టోర్నీ మొదలయ్యే రెండు మూడు వారాల ముందు ప్యాకెట్ మీద అంటించే చీటీ: ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి, మ్యాచ్ రోజు ముందే ఆర్డర్ చెప్పొచ్చు.’ ఈ చీటీ లేకుండా మార్చిలో ఎంత బాగా రాసినా చదివేవాళ్లుండరు. మెసేజ్‌లు వద్దన్నవాళ్లను వెంటనే తీసేయాలి, రోజుకు ఒకటి మించి పంపకూడదు. బ్లాక్ చేసిన కస్టమర్ తిరిగి రావడం కష్టం.

చట్టం వైపు మూడు విషయాలు తెలిస్తే ప్రస్తుతానికి చాలు. జట్ల లోగోలు, ఆటగాళ్ల ఫొటోలు పోస్టర్‌లో పెట్టకూడదు. 2012లో ఢిల్లీ హైకోర్టు టైటాన్ కేసులో, అమితాబ్, జయా బచ్చన్‌ల ఫొటోను అనుమతి లేకుండా హోర్డింగ్‌లో వాడిన ఒక నగల దుకాణానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. దుకాణం చిన్నదైనా ముఖం విలువ ముఖానిదే. ‘ఈ రోజు మ్యాచ్’ అంటే సరిపోతుంది, పాఠకుడికి అర్థం కానిది ఏమీ ఉండదు. రెండోది, 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాల ప్రకారం షరతులు ఆఫర్ ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి. పైన ‘24 ఆర్డర్లకు’ అన్నది మెసేజ్ మధ్యలోనే ఉండడానికి కారణం ఇదే. మూడోది, ‘గెలిచేదెవరో చెప్పండి, బహుమతి పట్టండి’ తరహా పోటీలు. అమ్మకాల కోసం నడిపే పోటీలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. పెద్ద కంపెనీలకు న్యాయవాదులుంటారు, పునుగుల దుకాణానికి ఉండరు. వదిలేయడం మేలు.

ఊరి పేరు విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అనకాపల్లి అనగానే బెల్లం గుర్తొస్తుంది కాబట్టి ప్రతి తీపి పదార్థానికీ ‘అనకాపల్లి బెల్లంతో’ అని తగిలించాలనిపిస్తుంది. నిజంగా మార్కెట్ నుంచి బెల్లం తెచ్చి చేస్తేనే రాయాలి. ఈ ఊళ్లో కస్టమర్‌కు బెల్లం రుచి తెలుసు, చక్కెర వేస్తే ఇట్టే పట్టేస్తాడు.

ఈ పనికి ఎంత అడగవచ్చు? ఇక్కడా లెక్కే దారి చూపిస్తుంది. లీగ్ దశలో ఒక్కో జట్టు 14 మ్యాచ్‌లు ఆడుతుంది. సన్‌రైజర్స్ మ్యాచ్ రోజుల్లో మాత్రమే మెసేజ్ పంపి, రోజుకు పదిహేను కొత్త ఆర్డర్లు వాట్సాప్‌లో తేగలిగితే, 36 చొప్పున 540 రూపాయలు, సీజన్‌కు 7,560. అందులో మూడో వంతు, అంటే రెండున్నర వేలు, దుకాణం ఇవ్వగలిగే గరిష్ఠం. అంతకన్నా ఎక్కువ అడిగితే దుకాణానికి గిట్టదు. ఒక్క దుకాణంతో బతుకు తెరువు కాదు, నాలుగు దుకాణాలైతే సీజన్‌కు పదివేలు, చదువుకుంటూ చేసుకోగల పని. అయితే ఒకే వీధిలో ఒకే తినుబండారం అమ్మే ఇద్దరికి రాయడం ఇద్దరికీ నష్టం.

పదివేల కన్నా విలువైనది రాసుకున్న రిజిస్టర్. ఏ ఆర్డర్ ఎన్ని గంటలకు వచ్చింది, పాత కస్టమరా కొత్తా, చెప్పిన వేళకు చేరిందా అని ప్రతి మ్యాచ్ రోజూ, మ్యాచ్ లేని ఒకటి రెండు ఆదివారాలూ నోట్ చేసుకోవాలి. పోలిక లేకపోతే ఆఫర్ వల్ల వచ్చినవేవో, ఎలాగూ వచ్చేవేవో తెలియదు. మొత్తం ఆర్డర్లు పెరగకపోయినా 4:15లోపు వచ్చినవి మూడో వంతు నుంచి సగానికి పెరిగితే కాపీ పనిచేసినట్టే. ఆర్డర్లు పెరిగి ఆలస్యం ఫిర్యాదులూ పెరిగితే మెసేజ్‌లోని అంకె మార్చాలి. విశాఖపట్నం, హైదరాబాద్ ఏజెన్సీల్లో, రెస్టారెంట్ చెయిన్లలో ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు పంపిన మెసేజ్‌ను, దాని కింద ఈ లెక్కను, తర్వాత చేసిన మార్పును ఒకే పేజీలో చూపిస్తే అందమైన పోస్టర్ల ఫైలు కన్నా బాగా పనికొస్తుంది.

ఐపీఎల్ ముగిశాక కూడా జాబితా ఉంటుంది, మ్యాచ్‌లూ ఉంటాయి. 2025 అక్టోబరు 12 ఆదివారం మహిళల ప్రపంచకప్‌లో భారత్, ఆస్ట్రేలియా విశాఖపట్నంలోనే తలపడ్డాయి. భారత్ 330 చేస్తే ఆస్ట్రేలియా ఛేదించి మహిళల వన్డేల్లో రికార్డు సృష్టించింది. యాభై ఓవర్ల ఆట మధ్యాహ్నం మూడింటికి మొదలైతే విరామం సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో పడుతుంది, అంటే సరిగ్గా చిరుతిళ్ల వేళకు. అలాంటి రోజు మెసేజ్ నాలుగున్నరకు వెళ్లాలి, ఆర్డర్ గడువు ఐదుముప్పావు. వాన పడి ఆట ఆలస్యమైతే పంపడానికి రెండో మెసేజ్ ఒకటి ముందే రాసి పెట్టుకోవాలి: ‘ఆట ఆలస్యమైనా మీ పునుగులు చెప్పిన వేళకే వస్తాయి. వేళ మార్చాలంటే 5:45లోపు చెప్పండి.’