గడ్డంలో ఖాళీ ఎక్కడుందో ముందు చూడండి

సంక్రాంతి వెళ్ళిన వారం మా షాపులో కుర్చీకి తీరిక ఉండదు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీసినవాళ్ళు వరసగా వస్తారు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ కత్తెర, కత్తి తగలని గడ్డాలవి. ఎక్కువమంది "మొత్తం తీసెయ్యన్నా" అనే అంటారు. ఒక ఏడాది వచ్చిన కుర్రాడు మాత్రం అద్దంలో మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుని, "అన్నా, దీన్ని ఉంచుకోవాలనుంది. కానీ ఎడమ చెంప చూడు, మేక మేసినట్టుంది. సోమవారం కౌంటర్లో కూర్చోవాలి. పొట్టిగా చేసెయ్యనా, పెంచనా?" అని అడిగాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. బ్యాంకు ఉద్యోగం.

ఈ ప్రశ్న ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నాను. అడిగేవాళ్ళంతా ఖాళీ ఎంత పెద్దదని బెంగపడతారు. నేను మాత్రం అది ఎక్కడుందో చూస్తాను. పొట్టి గడ్డమా, నిండు గడ్డమా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

చూడాలంటే ముందు గడ్డం ఉండాలి కదా. గడ్డం వెంట్రుక రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు, కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. అంటే నెలకు సుమారు సెంటీమీటరు. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు, కొన్ని పెరుగుతుంటే కొన్ని ఆగి ఉంటాయి. అందుకే పది రోజులకే అద్దం చూసి "నాకు రాదులే" అని గీసేసుకున్నవాళ్ళకు తమ గడ్డం అసలు రూపం ఎప్పటికీ తెలియదు. పైగా పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా ఎవరి గడ్డమైనా అందవికారంగానే ఉంటుంది. గుబురుగా ఉన్నచోట నల్లబడుతుంది, పలచని చోట చర్మం కనిపిస్తూనే ఉంటుంది, ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఆ దశ దాటాలంటే కనీసం నాలుగు వారాలు దేన్నీ ముట్టుకోకుండా ఉండాలి. దీక్ష వేసుకున్నవాళ్ళకు ఆ గడువు దానంతటదే దొరుకుతుంది, ఆఫీసులో ఎవరూ అడగరు. మిగతావాళ్ళు ఆ రెండో వారం, మూడో వారం సెలవుల్లోనో, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లోనో పడేలా లెక్క చూసుకుని మొదలుపెట్టండి. మెడ మీద వెంట్రుకలు మాత్రం మొదటి వారం నుంచే తీసేయవచ్చు. మెడ శుభ్రంగా ఉంటే, గీసుకోకుండా వచ్చాడని కాక, పెంచుతున్నాడని చూసేవాళ్ళకు అర్థమవుతుంది.

నాలుగు వారాలయ్యాక తలస్నానం చేసి, గడ్డం పూర్తిగా ఆరాక, కిటికీ ఎదురుగా నిలబడి దువ్వెనతో కిందికి దువ్వండి. తడి గడ్డం మోసం చేస్తుంది, వెంట్రుకలు అతుక్కుని ఖాళీలు ఉన్నవాటికంటే పెద్దవిగా కనిపిస్తాయి. బాత్రూమ్ లైటు నెత్తి మీద నుంచి పడుతుంది కాబట్టి దాన్నీ నమ్మొద్దు.

చెంప మీద వెంట్రుకలు చాలామందికి కిందికీ కాస్త ముందుకీ వాలి పెరుగుతాయి. అంటే ఏ ఖాళీనైనా కప్పాల్సింది దాని పైనున్న వెంట్రుకలే. కింద ఎంత గుబురుగా ఉన్నా పైకి లేచి కప్పదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాది సులువు. ఖాళీ చెంప పైభాగంలో, కంటికి దగ్గరగా ఉంటే దాన్ని కప్పే ప్రయత్నమే వద్దు. పైన అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న వెంట్రుకలు తీసేసి, లైను కిందికి దించితే అది ఖాళీ కాదు, చెంప అయిపోతుంది. నడి చెంపలో ఉండి, దానిపైన చెవి వైపు మంచి వెంట్రుక ఉంటే పెంచడమే మందు. మీసం చివరకూ గడ్డానికీ మధ్య అతుకు లేకపోతే మీసం కొసలు కత్తిరించకుండా వదలండి, అవే వాలి కప్పుతాయి. దవడ అంచు మీద ఖాళీ ఉన్నవాళ్ళకు మాత్రం నిండు గడ్డం నేను చెప్పను. దూరం నుంచి చూసేవాళ్ళకు గడ్డం ఆకారం ఇచ్చేది ఆ అంచే. అక్కడ వెంట్రుక లేకపోతే పెరిగేకొద్దీ గండి పడ్డ గట్టులా కనిపిస్తుంది. వాళ్ళకు పొట్టి గడ్డమే నప్పుతుంది.

మా బ్యాంకు కుర్రాడిది నడి చెంప ఖాళీ. చూపుడు వేలి గోరంత ఉంది. దీక్ష, ప్రయాణం కలిసి నలభై అయిదు రోజుల గడ్డం, ఒక్కో వెంట్రుక సెంటీమీటరున్నర దాకా ఉంది. పైనుంచి దువ్వగానే ముప్పాతిక భాగం మూసుకుపోయింది. "ఉంచుకో తమ్ముడూ, మిగతాది మనం చూసుకుందాం" అన్నాను.

అసలు ఇబ్బంది ఖాళీ కాదు, రెండు చెంపల తేడా. కుడివైపు వెంట్రుక ఎడమ కంటే అర వేలు పైకి మొలిచింది. ఇలాంటప్పుడు తక్కువ ఉన్న వైపు లైను ముందు తేల్చుకుని, ఎక్కువ ఉన్న వైపును దానికి సమంగా దించాలి. చాలామంది బాగున్న వైపు ముందు మొదలుపెడతారు, తర్వాత రెండో వైపు అందుకోలేక తంటాలు పడతారు. కాటుక పెన్సిల్ తీసుకుని చెవి ముందు మధ్య నుంచి మీసం చివర దాకా ఎడమ చెంప మీద సన్నగా గీత గీశాను. గీత బిగించిన తాడులా తిన్నగా కాకుండా, కొద్దిగా కిందికి వంగి ఉండాలి. తర్వాత అతన్ని తిన్నగా అద్దంలోకి చూడమని, కుడివైపు కూడా అదే ఎత్తులో గీశాను. పక్కకు తిరిగి చూస్తూ గీస్తే రెండూ ఎప్పటికీ కలవవు. మనుషులు మనల్ని చూసేది ఎదురుగానే. ఆ గీతకు పైన ఉన్నది మాత్రమే ట్రిమ్మర్‌తో తీశాను.

ఆ తర్వాత దట్టంగా ఉన్న చోట తగ్గించాను. ఇది చాలామందికి తోచదు. చెంప పలచగా ఉంటే చెంపను ఎలా పెంచాలా అని ఆలోచిస్తారు గానీ, చుబుకం మీద నలుపు తగ్గిస్తే చెంప దానంతటదే నిండుగా కనిపిస్తుంది. చుబుకం, దవడ కింద 9 మిల్లీమీటర్ల గార్డు పెట్టి నడిపాను. చెంప మీద మెషిన్ పెట్టలేదు. దువ్వెన ఆనించి, బయటకు పొడుచుకొచ్చిన కొసలు మాత్రం కత్తెరతో తీశాను. ఖాళీకి పైనున్న వేలెడు మేర అసలు ముట్టుకోలేదు.

చివరికి మెడ. మింగినప్పుడు కదిలే గొంతు ముడి మీద రెండు వేళ్ళు అడ్డంగా ఆనించండి. పై వేలు ఉన్నచోట గడ్డం ఆగాలి. అక్కడి నుంచి రెండు చెవుల వెనక్కి వంపుగా లైను వెళ్ళాలి, దాని కింద అంతా నున్నగా ఉండాలి. కొందరు ఈ లైను దవడ ఎముక మీదికే తెచ్చేస్తారు. అప్పుడు గడ్డం మొహానికి అతికించినట్టుంటుంది, చుబుకం కింద కండ కూడా బయటపడుతుంది.

ఇక పొట్టి గడ్డం సంగతి. ఇది శ్రమ లేనిదని అనుకుంటారు గానీ, నిండు గడ్డం కంటే దీనికే ఎక్కువ పని. 2 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉంటేనే అందం. ఒక మిల్లీమీటరు ఉంటే గీసుకోవడం మర్చిపోయినట్టు ఉంటుంది, నాలుగు దాటితే ఖాళీలు మళ్ళీ తెరుచుకుంటాయి. మూడు రోజుల్లో మిల్లీమీటరు పెరుగుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు ట్రిమ్మర్ తప్పదు. ఒకే గార్డుతో సమానంగా కనిపించేలా చేయడానికి ఒక పద్ధతి ఉంది. గుబురుగా ఉన్నచోట వెంట్రుక వాలుకు ఎదురుగా నడపండి, పలచగా ఉన్నచోట వాలు వెంబడి నడపండి. ఎదురు నడిపితే అదే గార్డు పొట్టిగా కోస్తుంది, వాలు వెంబడి కాస్త పొడుగు ఉంచుతుంది. మెడ, చెంప లైను రోజు విడిచి రోజు శుభ్రం చేసుకోవాలి. మాసిన గడ్డానికీ, ఉంచుకున్న గడ్డానికీ తేడా ఆ అంచుల్లోనే ఉంది. ఇంటర్వ్యూ ఉంటే ముందు రోజు సాయంత్రమే ఈ పని చేసుకోండి, చర్మం ఎర్రబడినా రాత్రికి తగ్గుతుంది. పనిలో మొహానికి గట్టిగా అతుక్కునే మాస్కు పెట్టుకునేవాళ్ళకు పొట్టి గడ్డమూ, నిండు గడ్డమూ రెండూ కుదరవు. మాస్కు అంచు కింద రెండు రోజుల గడ్డం ఉన్నా గాలి దారి చేసుకుంటుంది.

గీసేకొద్దీ దట్టంగా వస్తుందని చిన్నప్పటి నుంచి విని రోజూ గీసుకునేవాళ్ళున్నారు. దీన్ని 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త కొలిచి చూశారు, తేడా ఏమీ కనబడలేదు. కోసిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. నూనెలు కూడా వెంట్రుకను మెత్తబరుస్తాయి, కొత్తగా మొలిపించవు. ఇరవైల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఆశ వదులుకోనక్కర్లేదు. చాలామందికి చెంపలు ముప్పయ్యేళ్ళు వచ్చేదాకా నిండుతూనే ఉంటాయి. కానీ నిన్నటిదాకా ఉన్న వెంట్రుక ఉన్నట్టుండి రూపాయి బిళ్ళలా గుండ్రంగా రాలి, చర్మం నున్నగా తేలితే అది పేనుకొరుకుడు కావచ్చు. దురద, పొట్టు, ఎర్రని అంచు ఉంటే తామర కావచ్చు. ఆ రెండింటికీ నా దగ్గర మందు లేదు. ఎవరొచ్చినా చర్మ వైద్యుడి దగ్గరికే పంపుతాను. గడ్డం మొలవడానికని దుకాణాల్లో అమ్మే మినాక్సిడిల్ కూడా వైద్యుణ్ణి అడగకుండా రాయొద్దు.

బ్యాంకు కుర్రాడు మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు, మొహం చిన్నబోయి ఉంది. ఇంట్లో కుడివైపు లైను కాస్త దిగిందట. దానికి సమంగా ఎడమ దించాడు, ఎడమ ఎక్కువ దిగిందని మళ్ళీ కుడి దించాడు. లైను మీసం చివర నుంచి చెవి తమ్మె దాకా వచ్చేసింది. ఆ మట్టానికి వచ్చిందంటే ట్రిమ్మర్ పక్కన పెట్టేయాలి, ఇంకొక్కసారి ముట్టుకుంటే దవడ మీద పట్టీ మిగులుతుంది. అప్పుడు చేయగలిగింది ఒక్కటే. లైను అలాగే వదిలి, మిగతా గడ్డం 3 మిల్లీమీటర్లకు దించేశాను. పొట్టి గడ్డంలో కొత్తగా మొలిచేది కలిసిపోతుంది. వారంలో తేడా పోయింది, రెండు నెలల్లో చెంప మళ్ళీ కప్పుకుంది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి వస్తాడు, మధ్యలో మెడ ఒక్కటే తను చేసుకుంటాడు.