వాగులో పురుగులు చెప్పే మాట

మొయినాబాద్ దగ్గర ఒక వాగు ఉందనుకోండి. ఇద్దరు ఆడవాళ్లు బర్రెలను నీళ్లకు తోలుకొచ్చారు. పై మడుగులో బర్రెలు నీళ్లు తాగాయి. కింది మడుగులో మూతి పెట్టలేదు.

“అక్కా, నీళ్లు ఇక్కడ గూడ తేటగనే ఉన్నయి గదా. బర్రె ఎందుకు తాగుతలేదు?”

“చెల్లె, రాత్రి ఎవరన్న మురికి వదిలితే పొద్దుటికి కొట్టుకపోతది. కంటికి ఏం కనబడది. రాళ్ల కింద పురుగులుంటయి, వాటిని అడుగుదాం.”

పురుగులను ఎట్లా అడుగుతారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?

మూసీ నది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టింది. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చింది. హైదరాబాదులో వేలమంది చనిపోయారు. ఆ తర్వాత మూసీ మీద కట్ట కట్టారు. 1920లో అది పూర్తయింది. అదే ఉస్మాన్ సాగర్. మనం గండిపేట చెరువు అంటాం. చేవెళ్ల, మొయినాబాద్ వైపు వాగుల నీళ్లు ఆ చెరువులో కలుస్తాయి. పట్నం వాళ్లు ఆ నీళ్లు తాగారు.

ఈ చెరువును కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. చెరువు చుట్టూ 10 కిలోమీటర్లలో కాలుష్యం చేసే పరిశ్రమలు పెట్టకూడదని అందులో ఉంది. 2022లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. కాబట్టి వాగు ఎట్లా ఉందో ఒడ్డున ఉన్నవాళ్లే కనిపెట్టుకోవాలి.

పురుగు ఎందుకు సాక్షి?

మనకు గాలి కావాలి. నీటి పురుగులకూ గాలి కావాలి. చాలా పురుగులు నీళ్లలో కలిసి ఉన్న గాలినే పీలుస్తాయి. పేడ, మలం, కుళ్లిన తిండి నీళ్లలో పడితే కంటికి కనబడని క్రిములు వాటిని తింటాయి. తింటూ నీళ్లలోని గాలిని వాడేస్తాయి. అప్పుడు సుకుమారమైన పురుగులు చచ్చిపోతాయి. మొండి పురుగులు మిగులుతాయి.

ఎర్ర పురుగు ఎందుకు మిగులుతుంది? దాని ఒంట్లో మన నెత్తురు వంటి ఎర్రని పదార్థం ఉంటుంది. అది కొద్దిపాటి గాలిని కూడా పట్టి ఉంచుతుంది. కొన్ని నత్తలు నీళ్ల పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. అందుకే నత్తలు బతికి ఉన్నంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదు.

సీసాలో పట్టిన నీళ్లు ఆ గంట సంగతే చెబుతాయి. పురుగులు మాత్రం వారాలు, నెలలు అక్కడే ఉంటాయి. పోయిన వారం రాత్రి వదిలిన మురికి సంగతి కూడా అవి చెబుతాయి.

ఎట్లా పట్టాలి?

నీళ్లు మోకాలి లోతు మించని చోట, రాళ్లు ఉన్న పారే నీళ్లలో చూడాలి. ఒకరు దోమతెర గుడ్డను దిగువన అడ్డంగా పట్టుకోవాలి. ఇంకొకరు ఎగువన 3 నిమిషాలు కాళ్లతో రాళ్లను, ఇసుకను కదపాలి. పురుగులు కొట్టుకొచ్చి గుడ్డలో పడతాయి. తెల్లని టబ్బులో కొంచెం నీళ్లు పోసి, వాటిని అందులో వదలాలి. చూసిన తర్వాత తిరిగి వాగులో వదిలేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఏ కుటుంబానికి ఎన్ని మార్కులు?

ఒక పోలిక ఉన్న పురుగులన్నీ ఒక కుటుంబం. మంచి నీళ్లలోనే బతికే కుటుంబానికి ఎక్కువ మార్కులు. మురికిని తట్టుకునే కుటుంబానికి తక్కువ మార్కులు.

తూనీగ పిల్ల – 8
బురదలో పాకే, దారాల తోక పురుగు – 7
సన్న తూనీగ పిల్ల – 6
రాళ్ల మధ్య వల కట్టే పురుగు – 5
చేపపిల్లలా ఈదే, దారాల తోక పురుగు – 4
జలగ – 3
మూత లేని నత్త – 3
ఎర్ర పురుగు – 2
సన్న వానపాము – 1

రెండు చోట్ల పొరపాటు పడతాం. సన్న తూనీగ పిల్లకూ మూడు తోకలే. అయితే అవి ఆకుల్లా వెడల్పుగా ఉంటాయి. దారాల్లా సన్నగా ఉంటే అది వేరే పురుగు. ఎర్ర పురుగుకు చిన్న గట్టి తల ఉంటుంది. సన్న వానపాముకు తల విడిగా కనబడదు.

లెక్క వేద్దాం

ఇది నేర్చుకోవడానికి రాసిన లెక్క.

పై మడుగులో ఆరు కుటుంబాలు దొరికాయి. తూనీగ పిల్ల 8, పాకేది 7, సన్న తూనీగ పిల్ల 6, వల కట్టేది 5, ఈదేది 4, ఎర్ర పురుగు 2. మొత్తం 32.

“అక్కా, ఎర్ర పురుగులు ఇరవై ఉన్నయి. ఇరవై రెండ్లు నలభై వెయ్యాల్నా?”

“వద్దు చెల్లె. ఒకటున్నా, వందున్నా ఆ కుటుంబానికి ఒక్కసారే మార్కులు.”

ఇప్పుడు 32ను 6తో భాగించాలి. ఆరు అయిదులు ముప్పై. రెండు మిగిలింది. అంటే సగటు 5 కన్నా కొంచెం ఎక్కువ.

కింది మడుగులో అయిదు కుటుంబాలు. సన్న తూనీగ పిల్ల 6, జలగ 3, నత్త 3, ఎర్ర పురుగు 2, సన్న వానపాము 1. మొత్తం 15. దాన్ని 5తో భాగిస్తే సగటు 3.

మొత్తం ఒక్కటే చూస్తే చాలదా? ఎక్కువసేపు వెతికితే ఎక్కువ కుటుంబాలు దొరుకుతాయి, మొత్తం పెరుగుతుంది. సగటు అంతగా మారదు. అందుకే సగటు చూడాలి.

సగటు 6 దాటితే నీళ్లు శుభ్రం. 5 నుంచి 6 వరకు కొంచెం అనుమానం. 4 నుంచి 5 వరకు మురికి చేరినట్టుంది. 4 లోపు ఉంటే మురికి బాగా చేరినట్టే.

పై మడుగు కూడా పూర్తిగా శుభ్రం కాదు. కానీ కింది మడుగులో మాత్రం పెద్ద తేడా ఉంది. ఒకే వాగు, ఒకే రోజు, ఒకే రకం రాళ్లు. అంటే రెండు మడుగుల మధ్యనే ఏదో కలుస్తున్నది. ఒడ్డు వెంట నడిచి, మోరీ గాని పైపు గాని ఉందేమో చూడాలి.

పురుగులు చెప్పలేనివి

మురికి ఎవరు వదిలారో పురుగులు చెప్పవు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందా, రోగాల క్రిములు ఉన్నాయా అనేది కూడా చెప్పవు. సగటు 6 వచ్చినా వాగు నీళ్లు కాచకుండా తాగకూడదు.

పెద్ద వాన పడితే పురుగులు కొట్టుకుపోతాయి. వాగు ఎండి మళ్లీ పారినా పురుగులు తక్కువగా ఉంటాయి. అప్పుడు వచ్చిన తక్కువ మార్కులు మురికి వల్ల కాదు. కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడాలి. పారే నీళ్లను నిలిచిన కుంటతో పోల్చకూడదు.

ఈ మార్కులు 1970ల చివర బ్రిటన్‌లో చేసిన పట్టికలోవి. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన నదులకు వేరే పట్టిక చేసింది. ఏ పట్టిక తీసుకున్నా రెండు చోట్లా అదే వాడాలి.

తేదీ, చోటు, దొరికిన కుటుంబాలు, సగటు నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. పంచాయతీకి అర్జీ పెట్టినప్పుడు ఆ కాగితం జత చేయండి. నీళ్లను ప్రయోగశాలలో పరీక్ష చేయించమని అందులో అడగండి.

మీరు చేయండి

ఒక చోట తూనీగ పిల్ల, వల కట్టే పురుగు, జలగ, ఎర్ర పురుగు దొరికాయి. మొత్తం ఎంత? సగటు ఎంత? ఆ నీళ్ల గురించి ఏమంటారు?

(జవాబు: మొత్తం 18. సగటు నాలుగున్నర. మురికి చేరినట్టుంది.)