గురకకు సాక్షి పక్కనున్నవాళ్లే

ప్రశ్న: డాక్టరు గారూ, మావారికి 47 ఏళ్లు. ట్రాలీ ఆటో నడుపుతారు. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేస్తారు. అయినా లేవగానే తలనొప్పి అంటారు, తొమ్మిదింటికల్లా తగ్గిపోతుంది. కళ్లు పరీక్ష చేయించాం, సైనస్ అని ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదన్నారు. రోజూ ఒక నొప్పి బిళ్ల వేసుకుంటున్నారు. బీపీకి రెండు మాత్రలు వాడుతున్నా అదుపులోకి రావడం లేదు. మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు తీస్తారు. గురక మరీ ఎక్కువ. భరించలేక రెండేళ్లుగా నేనూ పిల్లా హాల్లో పడుకుంటున్నాం. ఈ తలనొప్పికి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి?
— ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, తలనొప్పి గురించి పది వాక్యాలు రాసి గురకను ఒక్క వాక్యంలో తేల్చేశారు. అసలు విషయం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. మీరు హాల్లోకి మారిన రోజు నుంచి ఈ జబ్బుకు సాక్షి లేకుండా పోయింది. రాత్రి తనకేం జరుగుతోందో ఆయనకు తెలియదు, డాక్టరడిగితే ‘హాయిగా పడుకున్నాను’ అనే చెబుతారు.

ముందుగా ఒక పని చేయండి. రెండు రాత్రులు ఆయన గదిలో కూర్చుని, గాఢనిద్ర పట్టాక ఛాతీ, ముఖం కనబడేలా ఫోన్‌లో ఐదేసి నిమిషాలు వీడియో తీయండి. గురక జోరుగా సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుందేమో చూడండి. ఆగినప్పుడు ఛాతీ, పొట్ట ఎగిసిపడుతూనే ఉంటాయి గానీ గాలి ఆడదు. పది సెకన్లో, ఇరవయ్యో, కొందరికి అంతకంటే ఎక్కువో గడిచాక ఉక్కిరిబిక్కిరై ఒక్క గుటకతో ఊపిరి అందుకుని మళ్లీ గురక మొదలెడతారు. గురక ఆగింది కదా, నెమ్మదించారు అని ఇంట్లోవాళ్లు అనుకునే క్షణం ఇదే. భయపడాల్సింది కూడా ఈ క్షణానికే. ఇలా నిద్రలో ఊపిరి ఆగిపోవడాన్నే స్లీప్ అప్నియా అంటారు.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి, నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకుగా ఉన్నవాళ్లకు అది పూర్తిగా మూసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ప్రమాదం పసిగట్టిన మెదడు సగం మేలుకొని గొంతు తెరిపిస్తుంది. ఇలా గంటకు ఇరవై ముప్పైసార్లు జరిగితే ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర దక్కదు. పొద్దున తల రెండువైపులా నొక్కినట్టుండి, లేచి తిరిగితే కొన్ని గంటల్లో తగ్గే నొప్పి ఇందులో తరచూ కనిపిస్తుంది. మూసుకున్న ప్రతిసారీ బీపీ ఎగబాకుతుంది కాబట్టి మాత్రలకు లొంగకపోవడమూ విడ్డూరం కాదు. రాత్రి రెండుమూడుసార్లు మూత్రానికి లేస్తున్నారేమో అడగండి, అదీ ఈ కోవలోదే.

డాక్టర్లు వాడే ఎనిమిది ప్రశ్నల లెక్క ఒకటుంది. పెద్ద గురక ఒకటి, పగటి అలసట రెండు, బీపీ మూడు, మగవారు కావడం నాలుగు. ఈ నాలుగూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. వీడియోలో ఊపిరి ఆగడం కనిపిస్తే ఐదు. టేపుతో మెడ కొలవండి. చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే ఆరు. వయసు 50 దాటడం, బీఎంఐ 35 దాటడం మిగతా రెండు. మూడు వచ్చినా అనుమానించాలి, ఐదు గానీ ఆపైన గానీ వస్తే బలమైన అనుమానం. మీవారికి ఇప్పటికే నాలుగు.

వీడియో పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికో, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికో వెళ్లండి. మీరు కూడా వెళ్లండి, ఆయన్ని ఒక్కరినే పంపకండి. నిద్ర పరీక్ష రాస్తారు. చాలామందికి ఇంట్లోనే ఒక రాత్రి సరిపోతుంది. ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి క్లిప్పు పెడతారు. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు సగటున ఎన్నిసార్లో లెక్క వస్తుంది. 5 లోపు మామూలే. 5 నుంచి 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చి బాధలు మాత్రం అలాగే ఉంటే అక్కడితో వదిలేయకండి. ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసే పూర్తి పరీక్ష అడగండి.

ఈలోగా మూడు సంగతులు. ఆయన్ని పక్కకు తిరిగి పడుకోనివ్వండి, వెల్లకిలా పడుకుంటే నాలుక మరింత జారుతుంది. రోజూ నొప్పి బిళ్ల మాన్పించే సంగతి డాక్టరుతో మాట్లాడండి. నెలలో సగం రోజులు వేసుకుంటే ఆ బిళ్లే తలనొప్పి తెస్తుంది, కొన్ని రకాలు బీపీనీ పెంచుతాయి. మూడోది ఆయనకు నచ్చదు: కునుకు వస్తున్నన్నాళ్లు బండి తోలకూడదు. టీ తాగి, ముఖం కడుక్కుని నెట్టుకొస్తానంటే ఒప్పుకోకండి. స్టీరింగు ముందు కన్ను మూతపడేది రెండు సెకన్లే అయినా బండి ఆ రెండు సెకన్లూ ఆగదు.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా ఇదంతా పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: ముక్కుకు పెట్టుకునే గురక క్లిప్పు టీవీలో చూపిస్తున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దు. మూసుకునేది గొంతు, ముక్కు కాదు.

ప్రశ్న: రాత్రి రెండు పెగ్గులేస్తే నిద్ర బ్రహ్మాండంగా పడుతోంది. గురక పెరిగిందని ఇంట్లో గొడవ.

జవాబు: ఇంట్లోవాళ్లదే సరైన మాట. మందు గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది. డాక్టరు చెప్పని నిద్రమాత్రలదీ అదే దోవ.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, సన్నగానే ఉంటాను. నెలసరి ఆగాక గురక మొదలైంది, రోజంతా నీరసం. ఇది లావుపాటి మగవాళ్ల జబ్బు కదా?

జవాబు: అలా అనుకునే ఆడవాళ్లు ఏళ్లతరబడి రక్తం మాత్రలు మింగుతున్నారు. నెలసరి ఆగాక ఈ జబ్బు అవకాశం పెరుగుతుంది. దవడ చిన్నదిగా, వెనక్కి ఉంటే సన్నవాళ్లకూ వస్తుంది. పైగా ఆడవాళ్లు గురక సంగతి సిగ్గుపడి చెప్పరు. నీరసం, నిద్రలేమి అని మాత్రం చెబుతారు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించండి. అవి బాగున్నా నీరసం పోకపోతే నిద్ర పరీక్ష అడగండి. మీవారిని ఒక రాత్రి మేలుకొని వినమనండి, ఆయనకూ ఒకసారి తెలియాలి.

ప్రశ్న: పరీక్షలో గంటకు 38 వచ్చింది. సీపాప్ మిషన్ పెట్టుకోమన్నారు. ఆక్సిజన్‌కు అలవాటు పడితే జన్మంతా వదలదట. నిజమేనా?

జవాబు: అందులో ఆక్సిజన్ లేదు, మన గదిలో గాలే. దాన్ని కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. కళ్లద్దాలకు అలవాటు పడి చూపు పోయిందని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. పెట్టుకున్న రాత్రి పనిచేస్తుంది, తీస్తే జబ్బు జబ్బులాగే ఉంటుంది. చాలామంది మొదటి వారంలోనే మూలన పడేస్తారు. కారణం సాధారణంగా మాస్కు సైజు సరిపోకపోవడం, గాలి పక్కనుంచి పోవడం, నోరు ఎండిపోవడం. మాస్కు మార్పించండి, తేమనిచ్చే అర పెట్టించండి. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. రాత్రికి కనీసం నాలుగు గంటలైనా ఉంచుకోవాలి, నిద్రంతా ఉంటే మరీ మంచిది. బరువుంటే తగ్గండి. పదోవంతు తగ్గినా ఆ 38 చెప్పుకోదగ్గంత దిగుతుంది. తగ్గాక మళ్లీ పరీక్ష చేయించి, మిషన్ అక్కర్లేదని డాక్టరు చెప్పాకే మానండి.

ప్రశ్న: వచ్చే నెల హెర్నియా ఆపరేషన్. నాకు స్లీప్ అప్నియా ఉంది. చెప్పాల్సిన పనుందా?

జవాబు: తప్పకుండా. సర్జనుతో పాటు మత్తు డాక్టరుకు విడిగా చెప్పండి, మీ మిషన్, మాస్కు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.