చీటింగ్ చేయకుండానే గేమ్ అకౌంట్‌పై బ్యాన్ పడితే

2023 అక్టోబర్‌లో కౌంటర్-స్ట్రైక్ 2 ఆడే కొందరికి ఉన్నట్టుండి వ్యాక్ బ్యాన్ పడింది. వాళ్లు చీటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదీ వాడలేదు. ఏఎండీ కంపెనీ విడుదల చేసిన కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్‌లో యాంటీ-ల్యాగ్ ప్లస్ అనే సదుపాయాన్ని ఆన్ చేశారంతే. ఆ సదుపాయం పనిచేయాలంటే గేమ్ ఇంజిన్ కోడ్‌లో వేలు పెట్టాలి. చీటింగ్ ప్రోగ్రాములు చేసేదీ అదే కాబట్టి వాల్వ్ కంపెనీ యాంటీ-చీట్ వ్యవస్థ రెంటికీ తేడా చూడలేదు. ఆ సదుపాయాన్ని వాడొద్దని వాల్వ్ బహిరంగంగా హెచ్చరించింది. ఏఎండీ అప్‌డేట్ ఇచ్చాక, దెబ్బతిన్న వారిని గుర్తించి బ్యాన్ తీసేస్తామని చెప్పింది. ఏఎండీ కూడా ఆ సదుపాయాన్ని వెనక్కి తీసుకుంది.

ఇక్కడ ఆటగాళ్లను కాపాడింది 'నేను నిర్దోషిని' అన్న మాట కాదు. చీటింగ్ చేసినవాడూ ఆ మాటే రాస్తాడు. ఫలానా డ్రైవర్, ఫలానా సెట్టింగ్ అని కారణాన్ని వేలు పెట్టి చూపించగలగడం వల్లే దారి దొరికింది. అందుకే సాక్ష్యం అంటే ముందుగా వెతకాల్సింది కారణాన్ని.

సత్యవేడులో ఉంటూ శ్రీసిటీలో షిఫ్టులో పనిచేసే యువకుడికి ఇదే జరిగిందనుకుందాం. డబ్బు కట్టి ప్రైమ్ స్టేటస్ కొన్నాడు. రాత్రి ఆట తెరిస్తే బ్యాన్ నోటీసు కనిపించింది. కంగారులో చాలామంది చేసే పని విండోస్ మళ్లీ ఎక్కించడం. దయచేసి అది చేయకండి, సాక్ష్యమంతా చెరిగిపోతుంది. ముందు తేదీ, సమయం కనిపించేలా నోటీసును ఫొటో తీయండి. తర్వాత విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి ఈ కమాండ్ ఇవ్వండి:

```
dxdiag
```

తెరుచుకున్న కిటికీలో Save All Information నొక్కితే గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ వెర్షన్, దాని తేదీ ఉన్న టెక్స్ట్ ఫైల్ సేవ్ అవుతుంది. ఆట చివరిసారి సవ్యంగా ఆడిన రోజుకీ బ్యాన్ పడిన రోజుకీ మధ్య కంప్యూటర్‌లో ఏం మారిందో కాగితం మీద రాసుకోండి. కొత్త డ్రైవరా, మౌస్ సాఫ్ట్‌వేరా, స్క్రీన్ రికార్డరా? అసలు కారణం దాదాపుగా ఈ జాబితాలోనే దొరుకుతుంది. డబ్బు కట్టిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా పక్కన పెట్టుకోండి. ఇవి చట్టం దగ్గర అక్కరకొస్తాయి.

అప్పీలు పది వాక్యాలు దాటనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు: "ఫలానా తేదీన నా అకౌంట్‌పై బ్యాన్ పడింది. అంతకు ముందు ఈ వెర్షన్ డ్రైవర్ ఎక్కించి, ఈ సదుపాయం ఆన్ చేశాను. ఇంకే మార్పూ చేయలేదు. ఫైల్ జతపరిచాను. దయచేసి ఇది మీ వ్యవస్థలో పొరపాటుగా నమోదైందేమో పరిశీలించగలరు." తిట్లు, కోర్టు బెదిరింపులు వద్దు. చదివేది ఒక ఉద్యోగి, బ్యాన్ వేసింది అతను కాదు. ఏ ఆధారంతో పట్టుకున్నారో చెప్పమని పట్టుబట్టినా చెప్పరు. అది బయటపడితే చీటింగ్ చేసేవాళ్లు తప్పించుకునే దారి తెలుసుకుంటారు. వ్యాక్ బ్యాన్‌ను సపోర్ట్ సిబ్బంది ఎత్తేయలేరని, పొరపాటని తేలితే దానంతటదే తొలగిపోతుందని వాల్వ్ నియమం. అయినా రాయాలి, సాంకేతిక కారణం వాళ్లకు చేరేది అలాగే.

జవాబు రాకపోతే చట్టం ఏం చెబుతోంది? 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఇక్కడి వినియోగదారులకు క్రమం తప్పకుండా అమ్మే విదేశీ సంస్థ కూడా ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. మన యువకుడి ఊరు సత్యవేడు 2022లో జిల్లాల విభజన తర్వాత తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఆడేది మైనరైతే అమ్మో నాన్నో కేసు వేయాలి.

ఒక పెద్ద షరతు ఉంది. ఉచితంగా అందే సేవకు ఈ చట్టం వర్తించదు. పైసా కట్టకుండా ఆడినవారికి కమిషన్ తలుపు తెరుచుకోవడం కష్టం. రసీదులు దాచమన్నది అందుకే. ఇంకొకటి, స్క్రీన్‌షాట్లు, ఫైళ్లు కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయండి. నిజానికి విదేశీ కంపెనీపై వచ్చిన ఆదేశాన్ని అమలు చేయించడం అంత తేలిక కాదు. కాబట్టి కట్టిన డబ్బు చిన్నదైతే కేసు కంటే ఓపికగా రాసిన రెండో అప్పీలే మేలని నా అభిప్రాయం. రెండోసారి రాసేటప్పుడు పాత ఉత్తరమే మళ్లీ పంపకండి. అదే డ్రైవర్‌తో ఇతరులకూ బ్యాన్ పడిందని తెలిస్తే ఆ వివరం చేర్చండి.

ఈలోగా 'డబ్బులిస్తే బ్యాన్ తీయిస్తాం' అనేవాళ్లు తగులుతారు. వాళ్లకు పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వకండి. ఇప్పటికే డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.