చదువుకుందాం రా అని పిలిచే ముందు

షాబాద్ నుంచి చేవెళ్లకో మొయినాబాద్‌కో బస్సెక్కి డిగ్రీ చదివే పిల్లలకు చాలా ఏళ్లు కామర్స్ చెప్పాను. రిటైరయ్యాక కూడా వాళ్లు ఇంటికి వస్తుంటారు. అబ్బాయిలు పంపబోయే మెసేజ్ చూపించి, "మేడమ్, ఇది బాగుందా?" అంటారు. అమ్మాయిలు వచ్చిన మెసేజ్ చూపించి, "దీని అర్థమేంటి మేడమ్?" అంటారు. మెసేజ్‌లో పైకి కనిపించేది పరీక్షల చదువు, లోపల ఉన్నది ఇష్టం. ఇరవై దాటిన పిల్లలు ఒకరినొకరు ఇష్టపడటంలో నాకు తప్పేమీ కనిపించదు. అయితే ఆ పిలుపు ఎలా ఉండాలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

1. ముసుగు ఎవరి కోసమో తెలుసుకోవాలి.

మన దగ్గర చాలా ఇళ్లలో ఆడపిల్ల ఫోన్ ఆమె ఒక్కదాని చేతిలోనే ఉండదు. అన్న చూస్తాడు, తమ్ముడు గేమ్ ఆడతాడు, అమ్మ ఎవరికో ఫోన్ కలపమంటుంది. స్క్రీన్ మీద "నువ్వంటే ఇష్టం, కలుద్దాం" అని మెరిస్తే ఆ రాత్రి మాటలు పడేది ఆమె. పంపినవాడు హాయిగా నిద్రపోతాడు. ఒక్కోసారి కాలేజీ మానిపించడం దాకా పోతుంది. అందుకే చదువు పేరు పెట్టడాన్ని నేను మోసం అనను. ఆ ముసుగు ఇంటివాళ్ల చూపు నుంచి ఆమెను కాపాడటానికి. ఆమెకు మాత్రం లోపలున్నది తెలియాలి. ఏమీ తెలియకుండా పుస్తకాలు పట్టుకొని వచ్చి, అక్కడికొచ్చాక ఇదేదో వేరే వ్యవహారమని కనిపెట్టే పరిస్థితి ఆమెకు రాకూడదు.

2. చదువు నిజంగానే ఉండాలి, మెసేజ్‌లో అది కనిపించాలి.

ఫైనలియర్ అబ్బాయి ఒకరు రాసుకొచ్చిన మెసేజ్ ఇది: "హాయ్, ఫ్రీగున్నవా? ఎక్కడికన్న పోయి చదువుకుందాం. నువ్వు రాకుంటే ఫెయిలైత, ప్లీజ్. ఎవరికీ చెప్పకు." నాలుగు ముక్కల్లో నాలుగు తప్పులు. ఏ సబ్జెక్టో లేదు. ఎక్కడికో లేదు. తన పరీక్ష భారం ఆమె నెత్తిన పెట్టాడు. చివరి ముక్క అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే తను ఎక్కడికి పోతోందో స్నేహితురాలికైనా చెప్పే వీలు ఆమెకు లేకుండా చేసింది.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. అతనికి కాస్ట్ అకౌంటింగ్‌లో బ్రేక్ ఈవెన్ నిజంగానే తికమక. ఆ అమ్మాయి ఆ లెక్కల్లో దిట్ట. ఇలా వచ్చింది:

"స్థిర ఖర్చు 40,000. ఒక్కో వస్తువు అమ్మకం ధర 50, మారే ఖర్చు 30. ఎన్ని అమ్మితే గట్టెక్కుతం? నాకైతే ట్యాలీ అయితలేదు, నువ్వు పక్కన కూసుంటే అయితదని అనుమానం. శనివారం 2 నుంచి 4 దాక కాలేజీ లైబ్రరీల ఉంట. తర్వాత చాయ్ నా ఖర్చు. కుదరకుంటే నోట్స్ ఫొటో పెట్టు, అదే మస్తు."

మొదట నిజమైన లెక్క ఉంది. ఇంట్లో ఎవరు చదివినా వాళ్లకు కనిపించేది అదే. "పక్కన కూసుంటే" అన్న మాటలో కొంచెం చిలిపితనం ఉంది, చాయ్ దగ్గర ఇంకొంచెం. ఆ రెండూ ఆమెకు అందుతాయి. అంతకుమించి అక్కర్లేదు. కళ్ల మీదో నవ్వు మీదో ఒక్క పొగడ్త చేరినా ముసుగు జారిపోతుంది. మొదలయ్యే వేళ, ముగిసే వేళ రెండూ ఉన్నాయి కాబట్టి ఏ బస్సుకు తిరిగి రావాలో ఆమె ముందే అనుకోగలదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆఖరి వాక్యం. రానని చెప్పడానికి ఆమె సాకు వెతుక్కోనక్కర్లేదు, ఫొటో ఒకటి పంపితే సరిపోతుంది.

3. జవాబు చదవడం నేర్చుకోవాలి.

పై లెక్కకు జవాబు 2,000. ఒక్కో వస్తువు మీద 20 మిగులుతుంది, 40,000ను 20తో భాగించాలి. ఆమె నుంచి "2,000" అని మాత్రమే వస్తే, ఆమె లెక్కకు జవాబిచ్చింది, పిలుపుకు ఇవ్వలేదు. థాంక్స్ చెప్పి ఊరుకోవాలి. "2,000. కానీ చాయ్‌తోని సమోస కూడ స్థిర ఖర్చుల కలుపు" అని వస్తే ఆట ఆమెకూ అర్థమైంది, నచ్చింది కూడా.

"మా దోస్తు కూడ వస్తది" అంటే చాలామంది అబ్బాయిల మొహం వాడిపోతుంది. అలా వాడిపోవడానికి ఏమీ లేదు. తనకు భయం లేకుండా ఉండేలా ఆమె చేసుకున్న ఏర్పాటు అది. ముగ్గురికీ చాయ్ చెప్పాలి, ఆ స్నేహితురాలికి కూడా లెక్క అర్థమయ్యేలా చూడాలి.

"చూస్తా" అంటే ఒక్కసారి గుర్తు చేయొచ్చు, అది కూడా చదువు గురించే. నీలి టిక్కులు పడి రెండు రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోతే రానన్నట్టే. వేరే నంబరు నుంచి రాయడం, స్నేహితుల చేత అడిగించడం, బస్‌స్టాప్ దగ్గర కాపు కాయడం మొదలుపెడితే వ్యవహారం మరోదారి పడుతుంది. ఇష్టం లేదని తెలిశాక కూడా ఒక మగవాడు అమ్మాయిని పదేపదే కలవజూస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద అది నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి, వాటి సంగతి అమ్మాయిలకు బాగానే తెలుసు. చట్టం అలా ఉన్నా, అమ్మాయి అబ్బాయిని పిలిచినప్పుడు కూడా ఇదే మర్యాద ఉండాలి. వద్దనే అబ్బాయిలూ ఉంటారు.

4. మొదటిసారే గండిపేట వద్దు.

షాబాద్‌లో ఇద్దరు కలిసి నడిస్తే సాయంత్రానికి ఎవరో ఒక బాబాయి ఇంటికి కబురు మోస్తాడు. అందుకని పిల్లల ఆలోచన నేరుగా గండిపేట కట్ట మీదికో, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కిందికో పోతుంది. ఆ మర్రిచెట్లంటే నాకూ ప్రాణమే. కానీ ఇరుకు రోడ్డు, టిప్పర్ల రద్దీ, పుస్తకం తెరిచే చోటే లేదు. పైగా అక్కడికి పోవాలంటే ఆమె అతని బండెక్కాలి, తిరిగి రావాలన్నా అతనే తేవాలి. కాలేజీ లైబ్రరీ అయితే ఆమె తనంతట తాను వస్తుంది. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. మనసు బాగోలేదనిపిస్తే మూడింటికే లేచి బస్సెక్కొచ్చు, చేతిలో డబ్బుల్లేకపోయినా సరే.

5. చాయ్ దగ్గర ముసుగు తీసేయాలి.

రెండు గంటలూ లెక్కలే చేయాలి. అరగంటైనా పుస్తకం తెరవకపోతే ఆమెకు ఏదో తేడాగా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. చాయ్ వచ్చాక మాత్రం మళ్లీ చదువు సాకుతో ఇంకో శనివారం అడగకూడదు. ముసుగు ఒక్కసారికే పనికొస్తుంది, నెలల తరబడి సాగితే అది అబద్ధంగా మారిపోతుంది. ఆ ఫైనలియర్ అబ్బాయి చెప్పిన మాటలు ఇవి: "లెక్కలు నిజంగనే రాలే. కానీ క్లాసుల ఇంకొకరిని గూడ అడగొచ్చు, నిన్నే అడగాలనిపించింది. నీకట్ల లేకుంటే ఏం కాదు, సోమవారం ఎప్పటిలెక్కనే."

ఆమె కాసేపు ఆలోచించి, తనకు అలాంటిదేమీ లేదని చెప్పింది. అతను సరేనన్నాడు. సోమవారం ఆమె నోట్స్ జిరాక్స్ తీయించి తిరిగిచ్చేశాడు, పరీక్షల దాకా ఆ క్లాసులో ఇద్దరూ ఒకరినొకరు డౌట్లు అడుగుతూనే ఉన్నారు.